శిఖరం కాదు, పాదం చూడండి

భూగర్భశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో అగ్నిపర్వతాల అధ్యాయం తెరిస్తే ఒకే పేజీలో మూడు బొమ్మలు కనిపిస్తాయి. బోర్లించిన డాలులా వాలుగా ఉండేది షీల్డ్ అగ్నిపర్వతం. పొరలు పొరలుగా నిటారుగా లేచేది మిశ్రమ అగ్నిపర్వతం. చిన్న శంకువులా ఉండేది సిండర్ కోన్. డిగ్రీ విద్యార్థులకు దశాబ్దాల పాటు ఈ పాఠం చెప్పాను. ఉద్యోగ విరమణ తర్వాత మా అమ్మాయి వాళ్లు అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ దగ్గర స్థిరపడటంతో ఆ మూడింటినీ నేల మీద తీరిగ్గా చూసే అవకాశం దొరికింది. ఆ రాష్ట్రం మధ్యలో బెండ్ అనే ఊరుంది. అక్కణ్నుంచి దక్షిణంగా కారులో వెళ్తే ఒక్క రోజులో మూడు రకాలూ కనిపిస్తాయి. పుస్తకం చెప్పని సంగతులు అక్కడి నేల చెప్పింది. వాటిని వరుసగా రాస్తున్నాను.

1. ముందు కొలతలు సరిచేసుకోండి

పుస్తకంలోని మూడు బొమ్మలూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. పేజీలో పట్టాలి కాబట్టి అలా వేస్తారు. కానీ ఆ బొమ్మలు మనసులో ముద్రపడితే బయట కొండను చూసినా గుర్తుపట్టలేం.

బెండ్ ఊరికి దక్షిణాన లావా బ్యూట్ అనే సిండర్ కోన్ ఉంది. ఎత్తు దాదాపు 150 మీటర్లు. దాని వెనక ఉన్నది న్యూబెర్రీ అనే షీల్డ్ అగ్నిపర్వతం. ఉత్తరం నుంచి దక్షిణానికి దాని పొడవు 60 కిలోమీటర్లు, అడ్డంగా 30 కిలోమీటర్లు. లావా బ్యూట్‌ను కాగితం మీద ఒక సెంటీమీటరు ఎత్తున గీశామనుకోండి. అదే కొలతలో న్యూబెర్రీని గీయాలంటే నాలుగు మీటర్ల పొడవున్న కాగితం కావాలి. అంత పొడవు గీతకు మధ్యలో ఎత్తు ఏడెనిమిది సెంటీమీటర్లకు మించదు. గోడ మీద వేస్తే దాన్ని ఎవరూ కొండ అనరు.

నిజంగానే అనరు. హైవే మీద న్యూబెర్రీ ఒంటి మీదుగా పోతూ మా మనవడు, "తాతయ్యా, ఆ అగ్నిపర్వతం ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు. "దాని మీదే ఉన్నాం నాన్నా" అంటే నమ్మలేదు. చుట్టూ పైన్ చెట్లు, కంటికి ఆనని ఏటవాలు తప్ప ఏమీ లేదు మరి. షీల్డ్ పక్కల వాలు మామూలుగా రెండు నుంచి పది డిగ్రీల లోపే ఉంటుంది. హవాయీలోని మౌనా లోవా సముద్ర మట్టానికి 4,169 మీటర్ల ఎత్తుకు వెళ్లినా, ఒడ్డున నిలబడి చూస్తే ఆకాశం కింద పొడుగాటి వంపులాగే కనిపిస్తుంది.

2. రాయి పారి వచ్చిందా, ఎగిరి పడిందా?

కొండ రూపం ఎలా వచ్చిందో తెలియాలంటే ఇదొక్కటి అడిగితే చాలా వరకు సరిపోతుంది. బసాల్ట్ లావాలో సిలికా దాదాపు 50 శాతం. వేడి 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. పలచగా ఉంటుంది కాబట్టి అందులోని వాయువులు సులువుగా బయటపడతాయి, లావా దూరాలకు పారుతుంది. అలా పారినది పొర మీద పొర పేరుకుంటే షీల్డ్. సిలికా 60 శాతం దాటినకొద్దీ శిలాద్రవం చిక్కబడి, వాయువు లోపలే చిక్కుకుంటుంది. చివరికి ఒక్కసారిగా పేలుతుంది. మిశ్రమ అగ్నిపర్వతంలో ఎక్కువగా ఈ రకమే.

ఇక్కడిదాకా పుస్తకాలన్నీ చెబుతాయి. విద్యార్థులు తడబడేది సిండర్ కోన్ దగ్గర. "ఇది కూడా బసాల్టే కదా సార్, మరి వాలు ఇంత నిటారుగా ఎందుకుంది?" అని అడిగేవాళ్లు. మంచి ప్రశ్న. శిలాద్రవం పలచనిదే, కానీ ఈ కొండను కట్టింది పారిన లావా కాదు. నేల పగిలినచోట మొదట వచ్చే శిలాద్రవంలో వాయువు నిండా ఉంటుంది. అది లావాను తుంపర్లుగా గాలిలోకి ఎగజిమ్ముతుంది. ఆ తుంపర్లు గాలిలోనే గట్టిపడి, లోపల బుడగలతో తేలికైన రాతిముక్కలై చుట్టూ రాలుతాయి. అవే సిండర్లు.

కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు చూసినవాళ్లకు మిగతా కథ తెలిసినట్టే. గట్టి గింజ దగ్గర పడుతుంది, పొల్లు గాలివాటున దూరంగా పోతుంది, రాశి ఒక వాలుకు చేరాక పైన ఎంత పోసినా గింజలు జారి కిందికొస్తాయే తప్ప వాలు పెరగదు. సిండర్లకు ఆ వాలు 30 నుంచి 35 డిగ్రీలు. అందుకే లోకంలో ఏ సిండర్ కోన్ చూసినా ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. లావా బ్యూట్ పైకి రోడ్డుంది. పైన బిలం అంచు చుట్టూ నడిస్తే ఈశాన్యం వైపు అంచు మిగతా వైపుల కంటే ఎత్తుగా ఉంటుంది. ఆ కాలంలో గాలి నైరుతి నుంచి వీచిందన్నమాట. ఏడు వేల ఏళ్ల కిందటి గాలి ఏ దిక్కున వీచిందో కొండ అంచు చూసి చెప్పొచ్చు.

3. సిండర్ కోన్ దగ్గర అసలు పని కొండది కాదు

లావా బ్యూట్ ఎక్కిన వాళ్లంతా బిలంలోకి తొంగి చూసి, దూరంగా మంచు శిఖరాల ఫొటోలు తీసుకుని దిగిపోతారు. నేను మాత్రం దక్షిణం వైపు పాదం చూడమంటాను. కొండ అక్కడ తెగి ఉంటుంది. ఆ తెగినచోటి నుంచి నల్లటి రాతి మైదానం మొదలై పడమరగా, ఉత్తరంగా 20 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంది. చెట్టూ చేమా ఉండవు. చెప్పుల్ని కోసేసేంత పదునైన రాళ్ల గుట్టలే.

జరిగింది ఇది. మొదట వాయువు ఉధృతంగా ఉన్నప్పుడు కోన్ లేచింది. వాయువు తగ్గాక అదే శిలాద్రవం ఇక ఎగరలేక పైకి ఉబికింది. అప్పుడది బిలం నిండి అంచు మీదుగా పొర్లాలి కదా అనిపిస్తుంది. కానీ కోన్ అంటే అతుకు లేని వదులు రాళ్ల కుప్ప. లావా ఆ రాళ్ల కన్నా బరువు. కుప్ప దాన్ని ఆపలేదు. అందుకని పాదం దగ్గర, ఒక పక్కన చీల్చుకుని లావా బయటికొచ్చేసింది. సిండర్ కోన్‌కు ఒక పక్క తెగి గుర్రపు నాడాలా కనిపించిందంటే దాని లావా ఎటు పోయిందో వెతకనక్కర్లేదు, ఆ తెరపి ముందే ఉంటుంది.

ఆ లావా పోయి డెషూట్స్ నదిని అడ్డగించింది. నది వెనక్కి తన్ని చెరువైంది. తర్వాత లావా అంచు వెంట కొత్త దారి వెతుక్కుని కిందికి దూకింది. ఇవాళ యాత్రికులు వెళ్లే బెన్‌హామ్ జలపాతం అలా ఏర్పడిందే. లావా బ్యూట్ పుట్టిన పగులు వెంటే మరో చోట లావా అడవిలోకి పారి చెట్ల మొదళ్లను చుట్టుముట్టింది. మాను కాలిపోయింది, దాని చుట్టూ గట్టిపడిన రాయి మాత్రం బావి గొట్టంలా మిగిలింది. లావా కాస్ట్ ఫారెస్ట్ అని పిలిచే ఆ చోట ఒక్కో గుంతలోకి తొంగి చూస్తే చెట్టు ఎంత లావుండేదో తెలుస్తుంది. కొండ ఎత్తు 150 మీటర్లే. అది మార్చిన నేల మాత్రం ఇరవై చదరపు కిలోమీటర్ల పైమాటే.

ఇదంతా ఊహ కాదా అనేవాళ్లకు మెక్సికోలోని పరికూటిన్ ఉంది. 1943 ఫిబ్రవరి 20న డియోనిసియో పులీదో అనే రైతు తన మొక్కజొన్న చేలో నేల బీటలిచ్చి పొగ రావడం చూశాడు. ఏడాదిలో అక్కడ 336 మీటర్ల కోన్ లేచింది. 1952లో ఆగిపోయే నాటికి ఎత్తు 424 మీటర్లు. అంటే ఎత్తులో ముప్పాతిక వంతు మొదటి ఏడాదిదే. తర్వాతి ఎనిమిదేళ్లూ కోన్ పెద్దగా పెరగలేదు, లావా మాత్రం పారుతూనే పోయి రెండు ఊళ్లను ముంచింది. సాన్ హువాన్ పరంగరికూటిరో ఊళ్లో చర్చి గోపురం ఒక్కటి ఇప్పటికీ లావా పైకి తేలి కనిపిస్తుంది. సిండర్ కోన్లు మామూలుగా ఒక్క విడతే పేలి, మళ్లీ లేవవు. పరికూటిన్ కూడా మళ్లీ పేలలేదు.

4. షీల్డ్‌ను చూడాలంటే కిందికి దిగండి

షీల్డ్ మీద పైకెక్కి చూసేది తక్కువ. లావా బ్యూట్‌కు కాస్త దూరంలో లావా రివర్ కేవ్ అనే గుహ ఉంది. 1.6 కిలోమీటర్ల పొడవు. న్యూబెర్రీ లావా పారేటప్పుడు పైభాగం గాలికి చల్లారి పెంకు కట్టింది. ఆ పెంకు కింద వేడి పోకుండా లావా పారుతూనే ఉంది. పైనుంచి రావడం ఆగాక లోపలున్నది కారిపోయి సొరంగం మిగిలింది. గోడల మీద అడ్డంగా గట్లలాంటి గీతలు కనిపిస్తాయి. లావా మట్టం ఎక్కడెక్కడ నిలబడిందో చెప్పే గుర్తులవి.

ఈ గుహను వింతగా చూసి వదిలేయకండి. షీల్డ్ వాలు అంత మందంగా ఉండటానికి కారణాల్లో ఇదొకటి. తెరిచిన కాలువలో పారే లావా త్వరగా చల్లారి దగ్గర్లోనే ఆగిపోతుంది. పైకప్పు ఉన్న సొరంగంలో వేడి నిలుస్తుంది కాబట్టి కిలోమీటర్ల కొద్దీ పోయి కొండ అంచున బయటపడుతుంది. అలా కొండ ఎత్తు కన్నా వెడల్పు పెరుగుతుంది.

షీల్డ్ శిఖరం మీద ఉండే పెద్ద గుంతను కాల్డెరా అంటారు. ఇది పేలి పోయిన గుంత అనుకుంటారు చాలామంది. 2018లో హవాయీలోని కీలవేయా అసలు సంగతి చూపించింది. శిఖరం కింద నిలవున్న శిలాద్రవం భూమిలోపలే పక్కకు పోయి, 40 కిలోమీటర్ల దూరంలో ఇళ్ల మధ్య బయటపడింది. 700కు పైగా ఇళ్లు పోయాయి. కింద ఖాళీ అవుతున్నకొద్దీ శిఖరం నేల విడతలు విడతలుగా కుంగి, కొన్నిచోట్ల 500 మీటర్ల లోతుకు దిగింది. ఇదంతా దాదాపు మూడు నెలల్లో జరిగింది. లావా ఒకచోట, గుంత మరోచోట.

అయితే షీల్డ్ అనేది ఆకారానికి పెట్టిన పేరు, కడుపులో ఉన్నదానికి కాదు. న్యూబెర్రీ కాల్డెరాలో రెండు చెరువుల పక్కన పెద్ద అబ్సిడియన్ ప్రవాహం ఉంది. 1,300 ఏళ్ల కిందటిది. సిలికా 70 శాతం దాటిన, నల్లటి గాజులాంటి రాయి. ఇది పారలేదు, నత్తనడకన తోసుకుంటూ వచ్చింది. అందుకే దాని ముందు అంచు పది అంతస్తుల మేడంత నిటారుగా నిలబడి ఉంది. పైగా న్యూబెర్రీ వాలుల మీద దాదాపు 400 సిండర్ కోన్లున్నాయి. లావా బ్యూట్ అందులో ఒకటి. ఇంత పెద్ద కొండకు ఒకే పేరు పెట్టినంత మాత్రాన అది ఒకే రకంగా పేలుతుందని నమ్మకూడదు.

5. మిశ్రమ అగ్నిపర్వతం కట్టినదానికంటే కూల్చింది ఎక్కువ చూడాలి

క్యాలెండర్ల మీద అచ్చువేసే అగ్నిపర్వతాలన్నీ ఈ జాతివే. కింద మందంగా మొదలై పైకి పోయినకొద్దీ నిటారయ్యే వాలు, నెత్తిన మంచు. ఒక విడత బూడిద, రాళ్లు పడతాయి. మరో విడత చిక్కటి లావా వచ్చి కొంత దూరమే పోయి ఆ వదులు పొరను కప్పుతుంది. పైకి గట్టిగా కనిపించినా లోపల ఆవిరి, ఆమ్లం కలిసిన వేడినీరు ఏళ్ల తరబడి రాతిని బంకమట్టిగా మారుస్తుంటాయి. నిటారు వాలు, మెత్తబడిన లోపలి భాగం, పైన మంచు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో 1980 మే 18న మౌంట్ సెయింట్ హెలెన్స్ చూపించింది. ఉత్తరం పక్క మొత్తం జారిపోయి 57 మంది చనిపోయారు. శిఖరం 2,950 మీటర్ల నుంచి 2,549 మీటర్లకు పడిపోయింది. జారిన రాళ్లు టూటిల్ లోయలో 22 కిలోమీటర్ల దాకా పోయి, గుట్టలు గుట్టలుగా ఆగాయి. కరిగిన మంచుతో కలిసిన బురద ప్రవాహాలు మరీ దూరం పోయాయి. కొలంబియా నదిలో 12 మీటర్ల లోతున్న ఓడల దారి 4 మీటర్లకు పూడి, పోర్ట్‌లాండ్ రేవులో ఓడలు చిక్కుకుపోయాయి. లోయలో కారణం లేకుండా గుట్టలు చెదిరి ఉంటే, నది ఒడ్డున గుండ్రాళ్లూ బూడిదా కలగలిసిన మందపాటి పొర కనిపిస్తే, ఎగువన ఇలాంటి కొండ ఉందేమో వెతకాలి.

ఇక బెండ్‌కు దక్షిణాన ఉన్న క్రేటర్ లేక్. నేను ఎక్కువ పొద్దు గడిపింది అక్కడే. అది చెరువు కాదు, లేని కొండ. 7,700 ఏళ్ల కిందట అక్కడ మజామా అనే మిశ్రమ అగ్నిపర్వతం ఉండేది, ఎత్తు దాదాపు 3,700 మీటర్లని అంచనా. ఇప్పుడు అక్కడ 8 కిలోమీటర్లకు 10 కిలోమీటర్ల గుంత, అందులో 594 మీటర్ల లోతు నీళ్లు. ఒక్క ఏరు వచ్చి కలవదు, ఒక్కటి బయటికి పోదు. వానతో, మంచుతోనే నిండింది.

లేని కొండ ఉండేదని ఎలా తెలుసు? గుంత అంచు మీద సన్ నాచ్, కెర్ నాచ్ అనే రెండు చోట్ల ఇంగ్లీషు యూ అక్షరంలాంటి లోయలు గాలిలో తెగి ఉంటాయి. హిమానీనదం తొలిచిన లోయే అలా ఉంటుంది. హిమానీనదం పుట్టాలంటే పైన మంచు పట్టే ఎత్తు ఉండాలి. ఇప్పుడు ఆ పైన ఉన్నది ఆకాశం. సరే, కొండ ఎటు పోయింది? పేలి తునకలైందని ఒక వాదం ఉండేది. అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్త జోసెఫ్ డిల్లర్ 1902లో తేలిగ్గా అర్థమయ్యే వాదన చేశాడు. పేలిపోయి ఉంటే పాత కొండ రాళ్ల ముక్కలు చుట్టూ కుప్పలుగా పడి ఉండాలి. చుట్టూ ఉన్నది ఎక్కువగా కొత్త ప్యూమిస్, అంటే అప్పుడే కరిగి వచ్చిన నురగరాయి. పాత రాయి చాలా తక్కువ. కాబట్టి కొండ పైకి పోలేదు, కిందికి దిగింది. 1942లో హోవెల్ విలియమ్స్ ఆ పొరలను విడివిడిగా కొలిచి దాన్ని గట్టిపరిచాడు. దాదాపు 50 ఘన కిలోమీటర్ల శిలాద్రవం బయటికి పోవడంతో పైకప్పు కూలి, కొండ తన గదిలోకే పడిపోయింది. దాని బూడిద కెనడా దాకా పోయింది. ఒరెగాన్‌లోనే ఫోర్ట్ రాక్ గుహలో ఆ బూడిద పొర కింద మనుషులు అల్లుకున్న చెప్పులు దొరికాయి. అంటే పేలుడుకు ముందే అక్కడ మనుషులున్నారు.

లావా బ్యూట్ సిండర్లు కూడా ఈ మజామా బూడిద మీదే కూర్చున్నాయి. ఏది ముందో ఏది తర్వాతో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. క్రేటర్ లేక్‌లో పడమటి వైపు విజార్డ్ ఐలాండ్ అనే దీవి ఉంది. నీటి మీదికి 230 మీటర్లు లేచిన సిండర్ కోన్ అది. మిశ్రమ అగ్నిపర్వతం కూలి పడిన గుంతలో తర్వాత పుట్టింది. అంచు మీద నిలబడి దాని వాలును చేత్తో అంచనా వేసి చూడండి. అదే 30 డిగ్రీలు.

6. మన దగ్గరివి ఈ మూడింట్లో వెతక్కండి

తెలుగు పిల్లలు ఆదిలాబాద్, వికారాబాద్ నల్లరాయి ఏ అగ్నిపర్వతానిదని అడుగుతారు. దానికి కొండ లేదు. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట నేల పొడవునా పగిలి, బసాల్ట్ వరదలా పొర్లిన దక్కన్ ప్రవాహాలవి. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో కనిపించే రాయి కూడా ఆ కాలపుదే. అంత వరదకు డాలు వంపు కూడా మిగలదు, మెట్లు మెట్లుగా పీఠభూమి మిగులుతుంది. అసలైన కొండ చూడాలంటే అండమాన్ సముద్రంలో బ్యారెన్ ఐలాండ్ ఉంది. అక్కడా క్రేటర్ లేక్ వరసే. రెండు కిలోమీటర్ల వెడల్పున్న పాత కాల్డెరా, దాని మధ్యలో సిండర్ కోన్, పడమట తెగిన గోడ గుండా సముద్రంలోకి దిగిన లావా. శతాబ్దంన్నర పైచిలుకు నిద్ర తర్వాత 1991లో మళ్లీ లేచింది.

7. వెళ్లేవాళ్లకు

పిల్లలు పోర్ట్‌లాండ్‌లోనో సియాటిల్‌లోనో ఉన్న తల్లిదండ్రులు ఇప్పుడు చాలామంది. వెళ్తే జులై నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. మిగతా కాలంలో ఎక్కువ భాగం క్రేటర్ లేక్ చుట్టూ రోడ్డు మంచులో ఉంటుంది, లావా రివర్ కేవ్‌ను గబ్బిలాల శీతాకాలపు నిద్ర కోసం మూసేస్తారు. ఎండాకాలంలోనూ గుహలో చలి ఆరు డిగ్రీల దాకా ఉంటుంది, స్వెటరూ టార్చిలైటూ మరవొద్దు. లావా మీదికి చెప్పులతో వెళ్లకండి, బూట్లు వేసుకోండి. సిండరు రాయి ఎంత ముద్దొచ్చినా జేబులో వేసుకోవద్దు, అక్కడ రాళ్లు ఏరుకోవడానికి అనుమతి లేదు.